వామనగుంటలను ఒక్క వాక్యంలో రాసి వదిలేయకండి: ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగు ఉపాధ్యాయులకు, తెలుగు సంఘాల పెద్దలకు బహిరంగ లేఖ

గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో తెలుగు పిల్లలకు చదువు చెబుతున్న మాస్టార్లకు, టీచరమ్మలకు, బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వంటి ఊళ్ళలో తెలుగు సంఘాలు నడుపుతున్న పెద్దలకు నమస్కారం.

పాత ఆటల పేర్లు సేకరించే పని మీలో చాలామంది మొదలుపెట్టారు. సంతోషం. కానీ అలా సేకరించిన కాగితాల్లో సాధారణంగా కనిపించే వాక్యం ఇలా ఉంటోంది: "వామనగుంటలు: ఇద్దరు ఆడే ఆట. పద్నాలుగు గుంటల్లో చింతపిక్కలు పంచుకుంటూ వెళ్ళాలి. ఎక్కువ పిక్కలు గెలిచినవారు నెగ్గినట్టు." ఈ వాక్యంలో అబద్ధం లేదు. అయితే దీన్ని చదివి ఎవరూ ఆట ఆడలేరు. మూడో నిమిషంలోనే తగువు వస్తుంది, ఆ తగువు తీర్చే మాట కాగితంలో ఉండదు. ఆ మాట తెలిసిన మామ్మ మాత్రం ఇవాళ మీ వీధిలోనే ఉంది.

ముప్ఫై ఆటల పేర్లు రాసే బదులు ఒక్క ఆటను పూర్తిగా రాయండి, అదే మా మనవి. ఆ కాగితం ఎలా ఉండాలో వామనగుంటలతోనే చూపిస్తాం. కొందరి నోట ఇది ఓమనగుంటలు. మీ ఊళ్ళో ఎలా పలికితే అలాగే రాయండి.

ముందు సరంజామా. ఎదురెదురుగా రెండు వరసలు, వరసకు ఏడు గుంటలు. చెక్క పీట ఉంటే మంచిదే, లేకపోతే బడి ఆవరణలో చెట్టు నీడన నేలమీదే తవ్వుకోవచ్చు. గుంట పిడికిలి పట్టేంత వెడల్పు, రెండు వేళ్ళ లోతు ఉంటే చాలు. అంతకన్నా లోతైతే లోపలి పిక్కలు కంటికి లెక్క అందవు. తక్కువైతే వేసిన పిక్క దొర్లి పక్క గుంటలో పడి తగువు తెస్తుంది. ఇసుక నేలైతే కొంచెం తడిపి, కొబ్బరి చిప్ప అడుగుతో నొక్కితే అంచులు రాలవు. గుంటకు నాలుగు చొప్పున పద్నాలుగు గుంటలకు 56 పిక్కలు కావాలి. అయిదు చొప్పున ఆడే ఇంట్లో 70 కావాలి. పురుగు తొలిచినవి తీసేసి, మిగతావి కడిగి ఆరబెట్టి, సరిగ్గా లెక్కపెట్టి ఇవ్వండి. ఆ మొత్తం సంఖ్యతో తర్వాత పని ఉంది.

ఈ లేఖలో గుంటలకు అంకెలు వేసుకుందాం. ఆడేవారి ముందున్న వరస ఎడమనుంచి కుడికి 1 నుంచి 7. కుడి కొసన పైకి తిరిగి, అవతలి వరస కుడినుంచి ఎడమకు 8 నుంచి 14. అంటే 7కి ఎదురుగా 8, 6కి ఎదురుగా 9, 1కి ఎదురుగా 14 ఉంటాయి. ఏ రెండు ఎదురు గుంటల అంకెలు కలిపినా 15 వస్తుంది. పిల్లలకు ఇది మీరు చెప్పనక్కర్లేదు, వాళ్ళే కనిపెడతారు.

ఇక ఆట. ఒక గుంటలోని పిక్కలన్నీ ఎత్తి, తర్వాతి గుంటల్లో ఒక్కొక్కటే వేసుకుంటూ పోవాలి. ఇక్కడిదాకా అందరూ ఒకేలా చెబుతారు. చేతిలో పిక్కలు అయిపోయాక ఏం చేయాలన్న దగ్గరే ఆట రెండు దారులు పడుతుంది. చివరి పిక్క పడిన గుంటకు *తర్వాతి* గుంటను ఎత్తి సాగించడం ఒక పద్ధతి. చివరి పిక్క *పడిన* గుంటనే ఎత్తి సాగించడం రెండోది. చెప్పేటప్పుడు రెండింటికీ "అక్కడినుంచి ఎత్తి మళ్ళీ పంచాలి" అనే మాటే వస్తుంది. రాసుకునేవారు ఆ మాట రాసుకుని వెళ్ళిపోతారు. ఆ ఒక్క మాట తేడాతో ఏమవుతుందో అంకెలు వేసి చూడండి.

గుంటకు నాలుగు పిక్కలు. మొదటివారు 1వ గుంట ఎత్తారు. 2, 3, 4, 5 గుంటల్లో అయిదేసి అయ్యాయి.

తర్వాతి గుంట ఎత్తే పద్ధతిలో ఇప్పుడు 6వ గుంటలోని నాలుగు ఎత్తాలి. అవి 7, 8, 9, 10లో పడతాయి. తర్వాత 11 ఎత్తితే 12, 13, 14, 1లో పడతాయి. ఖాళీ అయిన 1వ గుంటలో ఇప్పుడు ఒక పిక్క ఉంది. తర్వాత 2లోని అయిదు ఎత్తితే 3 నుంచి 7 దాకా, 8లోని అయిదు ఎత్తితే 9 నుంచి 13 దాకా, 14లోని అయిదు ఎత్తితే 1 నుంచి 5 దాకా పడతాయి. ఇప్పుడు 6లో ఒకే పిక్క ఉంది. దాన్ని ఎత్తి 7లో వేశాక చూస్తే 8 ఖాళీ. ఖాళీ వచ్చింది కాబట్టి పంచడం ఆగింది. ఖాళీ అవతలి గుంట, అంటే 9లోని ఆరు పిక్కలు, ఆడినవారి సొంతం. మొత్తం ఏడుసార్లు ఎత్తి పంచారు, ఆరు గెలిచారు. గెలిచిన ఆరూ తీయకముందు పీట ఇలా ఉంటుంది:

1 నుంచి 7: 2, 1, 7, 7, 7, 0, 7
8 నుంచి 14: 0, 6, 6, 1, 6, 6, 0

కూడితే 56. కూడిక తప్పితే ఎక్కడో పిక్క జారిందనో, ఒక గుంట దాటిపోయిందనో అర్థం. మొత్తం సంఖ్య దగ్గర పెట్టుకోమన్నది ఇందుకే.

పడిన గుంటనే ఎత్తే పద్ధతిలో అయితే 1 ఎత్తాక చివరి పిక్క 5లో పడింది. ఆ అయిదు ఎత్తితే 6 నుంచి 10 దాకా పడతాయి. 10లోని అయిదు ఎత్తితే 11, 12, 13, 14, చివరిది 1లో. 1 అంతకు ముందు ఖాళీగా ఉంది కాబట్టి ఆట ఆగింది. మూడుసార్లు పంచడంతోనే సరి. అదే పీట, అవే పిక్కలు, అదే మొదటి గుంట. ఒకచోట ఏడు, ఇంకోచోట మూడు. వీటిని ఒకే ఆటగా రాస్తే రెండూ పోతాయి. ఇద్దరు పెద్దలు రెండు రకాలుగా చెబితే రెండు కాగితాలు రాయండి. కలిపి సరిదిద్దిన "అసలు నియమం" ఏ ఇంట్లోనూ ఎవరూ ఆడనిది.

లెక్కల మాస్టార్లు ఇక్కడ కాస్త ఆగాలి. ఈ ఆటలో దాగిన గణితం అనగానే "కూడిక, తీసివేత నేర్పుతుంది" అని రాస్తుంటారు. కూడిక ఏ ఆటలోనైనా ఉంటుంది. వామనగుంటలకే సొంతమైన గణితం ఇంకొకటి ఉంది.

మొదట్లో పద్నాలుగు గుంటల్లోనూ పిక్కలు సమానం. పంచేది గుండ్రంగా. గుండ్రంగా ఉన్నదానికి మొదలంటూ ఉండదు. అందుకే తర్వాతి గుంట ఎత్తే పద్ధతిలో, ఖాళీ అవతలి గుంట మాత్రమే గెలుచుకునే నియమం ఉంటే, తొలి ఎత్తు ఏ గుంటతో మొదలుపెట్టినా ఫలితం ఒకటే. 1తో మొదలుపెడితే 9లో ఆరు, 2తో మొదలుపెడితే 10లో ఆరు, 3తో అయితే 11లో ఆరు. పీట మొత్తం ఒక గుంట పక్కకు తిరిగినట్టే. మొదటి ఎత్తు గెలుపులో తెలివికి చోటు లేదు.

కొన్ని ఇళ్ళలో మరో నియమం ఉంటుంది: ఖాళీ అవతలి గుంటతో పాటు దాని *ఎదురు* గుంటలోనివి కూడా గెలుచుకోవాలి. దాంతో లెక్క తలకిందులవుతుంది. గుండ్రాన్ని ఎంత తిప్పినా దాని ఆకారం మారదు కానీ, ఎదురుబొదురు జతలు మారిపోతాయి. 1తో మొదలుపెడితే గెలిచేది 9వ గుంట, దాని ఎదురు 6 ఖాళీ, అందుకే ఆరే. 2తో మొదలుపెడితే గెలిచేది 10వ గుంట, ఎదురున్న 5లో ఏడు ఉంటాయి కాబట్టి మొత్తం పదమూడు. ఇలా 1 నుంచి 7 దాకా వరసగా వేస్తే వచ్చేవి 6, 13, 7, 6, 12, 12, 6. ఇప్పుడు ఎంపికకు విలువ వచ్చింది. ఇది తొలి ఎత్తు గెలుపు మాత్రమే. అవతలివారికి ఎలాంటి పీట మిగిల్చామన్నది వేరే లెక్క, పదమూడు తెచ్చిన ఎత్తే చివరికి మేలు చేస్తుందని చెప్పలేం.

రాసుకునేవారికి దీనితో నేరుగా ఉపయోగం ఉంది. మామ్మ ఏ గుంటైనా ఫరవాలేదన్నట్టు మొదలుపెడుతుందా, తడుముకోకుండా ఎప్పుడూ ఒకే గుంట మీద చెయ్యి వేస్తుందా చూడండి. ఎప్పుడూ ఒకే గుంటైతే అది అలవాటే కావచ్చు. లేదా ఎదురు గుంట నియమమో, ఎవరి వరస అన్నదాన్ని బట్టి నడిచే ఇంకో నియమమో ఆమె ఇంట్లో ఉండి ఉండవచ్చు. అప్పుడు అడగాల్సిన ప్రశ్న మీకు దొరికింది.

ఆ ప్రశ్న నోటితో అడగవద్దు. "నియమాలు చెప్పు మామ్మా" అంటే రెండు వాక్యాలు చెప్పి ఆపేస్తుంది, ఎందుకంటే ఆమెకు తెలిసినది చేతిలో ఉంది. పీట మీద పిక్కలు పేర్చి, "ఇప్పుడేం చేస్తావు?" అని మాత్రం అడగండి. అయిదు పేర్పులు సరిపోతాయి.

మొదటిది: చివరి పిక్క పడింది, తర్వాతి గుంట ఖాళీ, దాని అవతలి గుంటలో ఆరు, దానికి ఎదురుగా మూడు. మామ్మ ఆరే తీస్తుందా, తొమ్మిదీ తీస్తుందా? తీశాక ఆట ఆపుతుందా, సాగిస్తుందా? రెండోది: చివరి పిక్క తర్వాత వరసగా రెండు గుంటలు ఖాళీ. మూడోది: 3వ గుంటలో పదిహేను పిక్కలు. వాటిని పంచుతూ చుట్టూ తిరిగి వస్తే పద్నాలుగో పిక్క మళ్ళీ 3లో వేయాలా, దాటి 4లో వేయాలా? నియమాన్ని బట్టి చివరి పిక్క 4లోనో 5లోనో పడుతుంది, అక్కడినుంచి ఆటంతా మారుతుంది. ఎవరికీ గుర్తురాని ప్రశ్న ఇది. నాలుగోది: మూడు పిక్కలున్న గుంటలో ఇంకొకటి పడి నాలుగైంది. కొన్ని పద్ధతుల్లో ఆ నాలుగూ వెంటనే ఎవరో ఒకరు ఎత్తుకోవాలి. మీ మామ్మ చెయ్యి కదిలిందా? కదిలితే ఆ నాలుగు గుంట యజమానివా, పంచుతున్నవారివా? అయిదోది: తన వంతు వచ్చేసరికి తన వరసంతా ఖాళీ.

ప్రతి పేర్పుకూ జవాబు మాటలో, చేతిలో రెండూ రావాలి. రెండూ కలవకపోతే చేతిని నమ్మండి, మాటను కూడా పక్కన రాసుకోండి.

వీడియో తీసేటప్పుడు ఫోన్ పక్కనుంచి పట్టుకుంటే మణికట్టు అడ్డొచ్చి గుంటలు కనపడవు. పీటకు సరిగ్గా పైన, పద్నాలుగు గుంటలూ పట్టేలా, కదలకుండా ఉండాలి. స్టూలు మీద కర్ర అడ్డం పెట్టి ఫోను కట్టినా సరిపోతుంది. మొహాలు ఈ వీడియోలో రాకపోయినా ఫరవాలేదు, మాట వినపడాలి. పక్కన ఒక పిల్ల ప్రతి పంపకం అయ్యాక పద్నాలుగు అంకెలు ఒక వరసలో రాయాలి. ఆటకు అడ్డుపడుతుందనుకుంటే వీడియో ఆపుకుంటూ తర్వాత రాసినా సరే. ప్రతి వరసకూ మొత్తం కూడి, గెలిచిన పిక్కలు కలిపితే 56 రావాలి.

మామ్మను మనవరాలితో ఆడించి రాసుకోవడం తరచూ జరిగే తప్పు. పిల్ల ఏడవకూడదని ఆమె ఓడిపోతుంది, నియమం వదిలేస్తుంది, తప్పుడు ఎత్తును చూడనట్టు ఉంటుంది. అలా రాసుకున్నది ఆట కాదు, మురిపెం. ఇద్దరు పెద్దవాళ్ళను, వీలైతే వేరే వేరే ఊళ్ళనుంచి వచ్చినవాళ్ళను ఎదురెదురుగా కూర్చోబెట్టండి. వాళ్ళు పోట్లాడుకున్న చోటల్లా ఒక నియమం బయటపడుతుంది. అప్పుడు సర్దిచెప్పడానికి వెళ్ళకండి. ఎవరు ఏ మాటతో వాదించారో అక్షరం పొల్లుపోకుండా రాయండి.

నైపుణ్యాన్ని కూడా విడిగా రాయాలి, నియమంతో కలపవద్దు. బాగా ఆడేవారు ఎత్తే ముందు గుంటలు వేలితో లెక్కపెట్టరు. అయిదారు పిక్కల దాకా కుప్ప చూసి చెప్పేస్తారు. కొందరి ఇంట్లో వేలు పెట్టి లెక్కపెట్టడమే తప్పు. అది నియమమా, పరువా అని అడగండి. ఎక్కడ ఆగుతామో కూడా కొందరు ముందే పట్టేస్తారు. దాన్ని తేల్చాలంటే ఎత్తక ముందు "చివరి పిక్క ఎక్కడ పడుతుంది?" అని అడిగి గుర్తు పెట్టండి. ఒక్క పంపకానికే సరిగ్గా చెబుతారా, రెండు మూడు పంపకాల ముందుకు చూస్తారా అన్నది దీనితో తెలుస్తుంది. పదిసార్లు అడిగితే చాలు, ఎక్కువ అడిగితే విసుగు పుడుతుంది.

ఒక పట్టు ముగిశాక జరిగేది చాలామంది రాయనే రాయరు, ఎందుకంటే అప్పటికి ఫోను ఆపేసి ఉంటారు. ఆట నిజానికి అక్కడ ఆగదు. గెలిచిన పిక్కలతో ఎవరి వరస వాళ్ళు మళ్ళీ నింపుకోవాలి. ఒకరికి 33, ఇంకొకరికి 23 వచ్చాయనుకోండి. 33 వచ్చినవారు ఏడు గుంటలూ నాలుగేసి నింపి అయిదు చేతిలో ఉంచుకుంటారు. 23 వచ్చినవారికి అయిదు గుంటలు నిండి మూడు మిగులుతాయి. నిండని రెండు గుంటలు మూతపడతాయి. ఇప్పుడు పీట మీద పన్నెండు గుంటలు, 48 పిక్కలు ఉంటాయి, చేతుల్లో ఎనిమిది. భాగహారం, శేషం అనే మాటలు వినని మనిషి కూడా ఈ లెక్క క్షణంలో వేస్తుంది. మూతపడిన గుంటలు ఏ కొసన ఉండాలి, మిగిలిన మూడు పిక్కలు తర్వాతి పట్టుకు కలుస్తాయా, ఓడినవారు అప్పు తీసుకోవచ్చా అన్నవి ఇంటింటికీ మారగలవు. పట్టు ముగిసినా రెండో పట్టు మొదటి ఎత్తు దాకా ఫోను ఆపకండి.

మాట గురించి ఒక్క సంగతి. పర్లాకిమిడిలో మాస్టారుగా పనిచేస్తూ గిడుగు రామమూర్తి గారు సవర భాషను సవరల నోటినుంచే విని నేర్చుకుని, వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. పుస్తకపు మాటకు బదులు వాడుక మాటకు పట్టం కట్టిన మనిషి నడిచిన ఊళ్ళు మీవి. కాబట్టి "విత్తనాలు" అని దిద్దవద్దు, పిక్కలంటే పిక్కలే. బరంపురం మామ్మ మాటల మధ్యలో ఒడియా మాట వస్తే దాన్నీ అలాగే ఉంచండి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం వేరుపడినప్పుడు గీత నేలమీద పడింది కానీ, ఆటలో మాటలు గీత చూసి ఆగలేదు. లెక్కపెట్టేటప్పుడు ధాన్యం కొలిచినట్టు "ఒకటి"కి బదులు "లాభం" అని మొదలుపెడితే అదీ రాయండి. పిల్లలు ఒడియా అంకెల్లో లెక్కపెడితే అది కూడా ఈ ఆట చరిత్రే.

పెద్దల పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు అన్నవి వాళ్ళు ఒప్పుకుంటేనే రాయండి. వీడియో ఎవరికి చూపిస్తారో ముందే చెప్పండి. రాసిన కాగితం చదివి వినిపించి, తప్పు చెబితే దిద్దండి.

6 నుంచి 8 తరగతుల పిల్లలకు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా గడపమని 2020 జాతీయ విద్యా విధానం సూచించింది. అందులో రెండు పూటలు ఈ పనికి కేటాయించండి. మొదటి పూట ఇద్దరు పెద్దల ఆట, రెండో పూట అయిదు పేర్పులు. పిల్లలే అంకెలు రాస్తారు, పిల్లలే కూడుతారు. సంఘాల పెద్దలు చేయాల్సింది పీట, పిక్కలు సమకూర్చడం, ఏ వీధిలో ఎవరికి ఆట వచ్చో కనుక్కోవడం, వచ్చిన కాగితాలను ఊరివారీగా ఒకచోట భద్రపరచడం.

కాగితం సరిగ్గా ఉందో లేదో తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఆట చూడని ఇద్దరు పిల్లలకు, వేరే బడివాళ్ళైతే ఇంకా మంచిది, ఆ కాగితం, పీట, 56 పిక్కలు ఇచ్చి మీరు పక్కకు తప్పుకోండి. రెండో పట్టు ముగిసేదాకా వాళ్ళు ఎవరినీ అడగకుండా ఆడగలిగితే కాగితం పూర్తయినట్టు. మధ్యలో "ఇప్పుడేం చేయాలి మాస్టారూ?" అని ఒక్కసారి వచ్చినా, ఆ ప్రశ్న రాసుకుని మళ్ళీ మామ్మ దగ్గరకు వెళ్ళండి.

ఇట్లు,
వామనగుంటల ఆట తెలిసిన కొందరు